తమ్ముడికి ఉత్తరం: పదో తరగతి గణితం పాత పేపర్లను ఎలా వాడుకోవాలి

చిన్నా,

సంక్రాంతి సెలవుల్లో నువ్వు రాసి పంపిన గణితం పేపరు ఫొటోలు అన్నీ చూశాను. మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో నీకు నువ్వే వేసుకున్న 71 కూడా చూశాను. నేను దిద్దితే 61 వచ్చాయి. కోపం తెచ్చుకోకు. ఆ పది మార్కులు ఎక్కడికి పోయాయో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. ఫోనులో చెబితే సగం విని "సరే అక్కా" అంటావు కాబట్టి రాస్తున్నాను.

నీ బల్ల మీద పాత పేపర్ల కట్ట ఉందని అమ్మ చెప్పింది. పదేళ్ళవి ఒకే పుస్తకంగా కుట్టి అమ్ముతుంటే కొన్నావట. రోజుకొకటి చొప్పున మార్చిలోపు అన్నీ పూర్తి చేస్తానన్నావట. ముందు ఆ ఆలోచన మానుకో. నీ దగ్గర నిజంగా పనికొచ్చే పూర్తి పేపర్లు పది లేవు, మూడో నాలుగో ఉన్నాయి. వాటిని వారం రోజుల్లో ఊదేస్తే ఫిబ్రవరిలో నిన్ను నువ్వు కొలుచుకోవడానికి ఏమీ మిగలదు. ఏ పేపరైనా ఒక్కసారే కొత్తది. రెండోసారి రాసినప్పుడు 90 వచ్చినా, అది నీ జ్ఞాపకానికి వచ్చిన మార్కే.

కాబట్టి మొదటి పని పెన్ను పట్టుకోవడం కాదు, కట్ట విప్పి వేరు చేయడం.

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం 2024-25లో వచ్చింది. అంటే నువ్వు చదువుతున్న పుస్తకం మీద జరిగిన మొదటి పబ్లిక్ పరీక్ష 2025 మార్చిది. అదే ఏడాది మే నెలలో సప్లిమెంటరీ జరిగింది. ఈ రెండూ, బోర్డు తన వెబ్‌సైటు bse.ap.gov.in లో పెట్టిన మాదిరి ప్రశ్నపత్రం, ఇవే నీ అసలు ఆస్తి. వీటిని చదవకు, తిరగేయకు, ఒక కవరులో పెట్టి అమ్మకివ్వు. మాదిరి పేపరు సెలవుల్లో వాడేశావు కాబట్టి ఇప్పుడు కవరులో రెండే ఉంటాయి.

2022, 2023, 2024 పేపర్లు రెండో కుప్ప. రూపంలో అవి నీ పేపరులాంటివే: 100 మార్కులు, 33 ప్రశ్నలు. కానీ పుస్తకం పాతది. అందులో సమితులు అని ఒక పాఠం ఉండేది, వాస్తవ సంఖ్యల పాఠంలో సంవర్గమానాలు ఉండేవి, శ్రేఢుల్లో గుణశ్రేఢి కూడా ఉండేది. ఇవేవీ నీకు లేవు. ఆ పేపర్లను యథాతథంగా గడియారం పెట్టుకుని రాస్తే, నువ్వు చదవని ప్రశ్నలకు మార్కులు పోగొట్టుకుని అనవసరంగా బెంబేలెత్తుతావు. నీ కట్టలో ఏ పేపరైనా పాతదో కొత్తదో అనుమానం వస్తే పైన వేసిన సంవత్సరాన్ని నమ్మకు, లోపల వెతుకు. log అని గానీ, సమితుల సమ్మేళనం, ఛేదనం అని గానీ కనబడిందంటే అది పాత పుస్తకం పేపరు.

2019, అంతకు ముందువి మూడో కుప్ప. నేను రాసిన ఏడాది గణితం రెండు పేపర్లు, రెండు వేర్వేరు రోజులు. ఆ కొలతలతో నీకు పని లేదు. 2020లో, 2021లో కరోనా వల్ల పబ్లిక్ పరీక్షలే జరగలేదు, అందరినీ ఉత్తీర్ణులను చేశారు. నువ్వు కొన్న పుస్తకంలో "2021 పబ్లిక్ పేపరు" అని ఉంటే ఆ పుస్తకం మీద నా అభిప్రాయం వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో పిన్ని కొడుకు పంపిన తెలంగాణ పేపర్లను కూడా ఈ కుప్పలోనే వెయ్యి. వాళ్ళ పాఠ్యపుస్తకం వేరు, పేపరు నమూనా వేరు.

రెండో కుప్పకూ మూడో కుప్పకూ కత్తెర వెయ్యి. ఇది అక్షరాలా అంటున్నాను. నీకు లేని పాఠాల ప్రశ్నలు కొట్టెయ్యి, మిగిలినవి కత్తిరించి పాఠాలవారీగా కవర్లలో వెయ్యి. త్రికోణమితి అనువర్తనాల కవరు, సంభావ్యత కవరు, వృత్తాల కవరు, ఇలా. ఒక పాఠం చదవడం అయ్యాక ఆ కవరు తీసి, పుస్తకం తెరిచిపెట్టుకునే చెయ్యి. ఇక్కడ గడియారం వద్దు, మార్కులు వద్దు. ఒక ప్రశ్న దగ్గర అరగంట ఆగిపోయినా పరవాలేదు. పాత పేపర్లలో ఈ భాగం నేర్చుకోవడానికి, కవరులో దాచినవి కొలుచుకోవడానికి. ఈ రెండు పనులనూ కలిపేయడమే నేను పదో తరగతిలో చేసిన తప్పు. జవాబులున్న గైడు పక్కన పెట్టుకుని "పేపర్లు రాశాను" అనుకున్నాను. నేను రాసింది గైడును.

ఇక్కడ నీకు ఒక ఆశ పుడుతుంది. ప్రశ్నలను పాఠాలవారీగా పేరుస్తుంటే "ఇది మూడేళ్ళుగా రాలేదు, ఈసారి తప్పకుండా వస్తుంది" అనిపిస్తుంది. లేదా "ఇది వరుసగా వచ్చింది, ఇక రాదు" అనిపిస్తుంది. ఒకే లెక్క నుంచి రెండు వ్యతిరేక జోస్యాలు చెప్పవచ్చంటే ఆ జోస్యం విలువ ఎంతో నువ్వే ఆలోచించు. నీ పుస్తకం మీద వచ్చిన పబ్లిక్ పేపర్లు రెండే అయినప్పుడు వాటినుంచి ఏ లయా పట్టలేవు.

జోస్యానికి బదులు పేపరు నిర్మాణాన్ని చూడు, అది మాత్రం నమ్మదగినది. మొదటి విభాగంలో 12 ప్రశ్నలు, ఒక్కో మార్కు. రెండో విభాగంలో 8 ప్రశ్నలు, రెండేసి మార్కులు. మూడో విభాగంలో 8 ప్రశ్నలు, నాలుగేసి. నాలుగో విభాగంలో 5 ప్రశ్నలు, ఎనిమిదేసి. ఇది లేదా అది అనే ఎంపిక ఈ చివరి విభాగంలోనే ఉంది. మొదటి మూడింటిలో లేదు. కూడి చూడు: 12, 16, 32 కలిపితే 60. అంటే 60 మార్కులకు నీకు వదిలేసే స్వేచ్ఛ లేదు. "త్రిభుజాల పాఠం వదిలేస్తాను, ఎంపికలో సర్దుకుంటాను" అని మొన్న అన్నావే, ఆ సర్దుబాటు 40 మార్కుల వరకే పనిచేస్తుంది. మిగిలిన 60లో త్రిభుజాల నుంచి ఏది వచ్చినా అది నేరుగా పోయినట్టే.

ఇక పూర్తి పేపరు రాయడం. సెలవుల్లో నువ్వు ఎలా రాశావో అమ్మను అడిగి తెలుసుకున్నాను. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెట్టావు, మధ్యలో గాలిపటం కోసం ఒకసారి డాబా ఎక్కావు. సరే, పండగ. తరువాతిది మాత్రం ఇలా రాయాలి.

ఆదివారం ఉదయం 9:30కి కూర్చో. అసలు పరీక్ష 9:30 నుంచి 12:45 వరకు. అందులో మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. ఆ పావుగంట పెన్ను ముట్టకు. ముందు నాలుగో విభాగం చదివి, ప్రతి జతలో ఏది రాయాలో అక్కడే తేల్చుకో. రాసే వేడిలో ఎంపిక చేసుకుంటే కళ్ళకు పొట్టిగా కనిపించిన ప్రశ్నను పట్టుకుంటాం, అది తరచూ కష్టమైనదై ఉంటుంది. ఆ తరువాత నీకు మిగిలేది సరిగ్గా మూడు గంటలు, అంటే 180 నిమిషాలు. ఫోను అమ్మ దగ్గర ఉండాలి. గోడ గడియారం ఎదురుగా ఉండాలి. గ్రాఫ్ కాగితం ముందే తెచ్చిపెట్టుకో. మొన్న నువ్వు గీతల నోటుపుస్తకంలో స్కేలుతో గళ్ళు గీసి దానిమీద గ్రాఫ్ వేశావు, గళ్ళు గీయడానికే ఎంత సేపు పట్టి ఉంటుందో!

ఒక్కో విభాగం పూర్తవగానే మార్జిన్‌లో టైము వెయ్యి. 12:45 కాగానే పెన్ను కింద పెట్టు. కానీ లేవకు. మిగిలిన ప్రశ్నలను పెన్సిలుతో పూర్తి చెయ్యి, ఎంత సేపు పట్టినా సరే. పెన్నుతో వచ్చిన మార్కులు నీకు పరీక్షలో వచ్చేవి. పెన్సిలుతో వచ్చిన మార్కులు నీకు వచ్చి కూడా సమయం లేక పోయేవి. ఈ రెంటినీ విడిగా చూడకపోతే ఏ మందు వేయాలో తెలియదు. ఈ ఒక్క మాట మాత్రం మొన్న నేను చెప్పినట్టే చేశావు, అందుకే నీ పేపరు నాకు ఇంత కథ చెప్పింది.

ఆ కథ ఇది. నీకు పోయిన మార్కులు 39. పెన్సిలుతో సరిగ్గా చేసిన రెండు పెద్ద ప్రశ్నల్లో 13 మార్కులు ఉన్నాయి, అంటే ఆ 13 సమయం లేక పోయాయి. తెలియక పోయినవి 10. కూడికలు, గుర్తులు తప్పి పోయినవి 9. జవాబు సరైనదే అయినా దారి రాయకపోవడం వల్ల నేను కోసినవి 7. "నాకు గణితం రావడం లేదు" అని అమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నావు కదా. నిజంగా తెలియక పోయినవి పదే. మిగిలిన 29కి పాఠం మళ్ళీ చదవడం మందు కాదు.

ముందు ఆ 13 సంగతి చూద్దాం. నీ మార్జిన్‌లోని టైముల ప్రకారం ఒక మార్కు ప్రశ్నలకు 28 నిమిషాలు తీసుకున్నావు. రెండు మార్కులవాటికి 30, నాలుగు మార్కులవాటికి 62. అప్పటికే రెండు గంటలు అయిపోయాయి. ఇంకా 40 మార్కులు ఉన్నాయి, గంట ఉంది. ఆ గంటలో ప్రాథమిక అనుపాత సిద్ధాంతం నిరూపణకే 24 నిమిషాలు పట్టింది. ఎందుకా అని పేజీని పెద్దదిగా చేసి చూస్తే దత్తాంశానికి ఒక రంగు, నిర్మాణానికి ఒక రంగు, శీర్షికల కింద రెండేసి గీతలు! పెళ్ళి శుభలేఖలా ఉంది. తరువాత రెండు ప్రశ్నలు పద్దెనిమిదేసి నిమిషాల్లో చేశావు, రెండు మిగిలిపోయాయి.

నా లెక్క ఇది. ఒక మార్కు ప్రశ్నలకు 12 నిమిషాలు, రెండు మార్కులవాటికి 25, నాలుగు మార్కులవాటికి 55, ఎనిమిది మార్కులవాటికి 70. మొత్తం 162. సరిచూసుకోవడానికి 18 మిగులుతాయి. ఈ అంకెలు అందరికీ ఒకేలా ఉండవు, నీ చేతివాటం బట్టి ఐదు నిమిషాలు అటూ ఇటూ జరుపుకో. ఒక మార్కు ప్రశ్న దగ్గర మాత్రం రెండు నిమిషాలు దాటితే చుక్క పెట్టి ముందుకు వెళ్ళిపో. చివరి 18 నిమిషాల్లో ఆ చుక్కల దగ్గరికి తిరిగి రావచ్చు. రంగు పెన్నులు అమ్మకు ఇచ్చెయ్యి.

దిద్దడం రాసిన రోజే చేయకు. అలసిపోయి ఉంటావు, నీమీద నీకు జాలి ఉంటుంది. మర్నాడు దిద్దు, అదీ నీది కాదన్నట్టు. నీ 71కీ నా 61కీ మధ్య ఏడు మార్కుల తేడా ఇక్కడే వచ్చింది. ఒక ఉదాహరణ చూడు. రెండు పాచికలు వేస్తే మొత్తం 8 వచ్చే సంభావ్యత ఎంత అన్న ప్రశ్నకు నువ్వు 5/36 అని రాసి, నీకు పూర్తి మార్కులు వేసుకున్నావు. జవాబు సరైనదే. కానీ దిద్దేవారు మెట్టు మెట్టుకూ టిక్కు పెట్టుకుంటూ వస్తారు, నీ కాగితం మీద టిక్కు పెట్టడానికి ఒకే చోటు ఉంది. మొత్తం పర్యవసానాలు 36 అని ఒక వరుస, అనుకూల పర్యవసానాలు (2,6), (3,5), (4,4), (5,3), (6,2) అని ఒక వరుస, సంభావ్యత సూత్రం ఒక వరుస, ఆ తరువాత 5/36. నాలుగు వరుసలకు నిమిషం కూడా పట్టదు. దిద్దేటప్పుడు చివరి జవాబు చేత్తో మూసిపెట్టి, పైన మిగిలిన వరుసలకు ఎన్ని మార్కులు వేయవచ్చో చూడు. చెల్లెలి స్నేహితురాలు ఎవరైనా పదో తరగతిలో ఉంటే ఇద్దరూ ఒకరి పేపరు ఒకరు దిద్దుకోండి, అది ఇంకా మంచిది. ఎదుటివాళ్ళ తప్పులు మనకు బాగా కనబడతాయి.

కూడికల్లో పోయిన 9కి పెద్ద కథ లేదు. అంకగణిత సగటు పట్టికలో నిలువు వరుసను పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి కూడు. రెండూ కలిస్తేనే ముందుకు వెళ్ళు. ఇక నీ లెక్కల్లో మైనస్ గుర్తు పంక్తి మారగానే మాయమవుతోంది. నాలుగు చోట్ల చూశాను. పంక్తి మారినప్పుడల్లా ముందు గుర్తు రాసి తరువాత అంకె రాయడం అలవాటు చేసుకో.

ఇప్పుడు మిగిలిన మూడు మార్కులు. ఈ ఉత్తరం రాయాలనిపించింది నిజానికి వీటి కోసమే.

టవరు లెక్క. 7 మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి చూస్తే ఒక టవరు శిఖరం 60° ఊర్ధ్వకోణంలో, దాని పాదం 45° నిమ్నకోణంలో కనిపిస్తాయి, టవరు ఎత్తు ఎంత? నీ పాఠ్యపుస్తకంలోనూ ఉన్న లెక్కే. నువ్వు 7(√3 + 1) మీటర్లు అని రాశావు. సరైన జవాబు. దాదాపు 19 మీటర్లు. నీకు నువ్వు 8 వేసుకున్నావు, నేను 5 వేశాను. అసలు దిద్దేవారు ఎంత తగ్గిస్తారో చెప్పలేను, అయినా నేను మూడు తగ్గించడానికి కారణం నీ పటం.

నీ పటంలో 45° ఎక్కడ గుర్తించావో ఒకసారి చూడు. భవనం గోడకూ, పాదం వైపు గీసిన చూపురేఖకూ మధ్య పెట్టావు. నిమ్నకోణం గోడ నుంచి కొలిచేది కాదు. కంటి ఎత్తులో అడ్డంగా గీసిన క్షితిజ రేఖ నుంచి కిందికి కొలవాలి. మరి తప్పు చోట పెట్టినా జవాబు ఎలా సరిపోయింది? గోడకూ క్షితిజ రేఖకూ మధ్య 90° ఉంటుంది. అందులో ఒక పక్క 45° తీస్తే రెండో పక్క మిగిలేదీ 45° యే. ఎటు పెట్టినా ఒకటే కాబట్టి నీ తప్పు ఆ అంకె వెనక దాక్కుంది.

అందుకే నిన్న ఫోను చేసి 45 బదులు 30 పెట్టి మళ్ళీ చేయమన్నాను. పది నిమిషాల్లో 14 మీటర్లు అని పంపావు. ఇప్పుడు నాతోపాటు చెయ్యి. భవనానికీ టవరుకూ మధ్య దూరం d అనుకో. 30° క్షితిజ రేఖ దగ్గర ఉంది కాబట్టి, ఏకాంతర కోణాల వల్ల టవరు పాదం దగ్గర, నేలకూ చూపురేఖకూ మధ్య కూడా 30° యే.

tan 30° = 7/d, కాబట్టి d = 7√3

భవనం ఎత్తుకు పైన ఉన్న టవరు భాగం = d × tan 60° = 7√3 × √3 = 21

టవరు ఎత్తు = 7 + 21 = 28 మీటర్లు

నీకు 14, నిజంగా 28. సరిగ్గా సగం. గోడ నుంచి కొలిచావు కాబట్టి నీకు d = 7/√3 వచ్చింది, పై భాగం 7 వచ్చింది.

గైడు చూడకుండానే 14 తప్పని పట్టుకోవచ్చు, అదెలాగో కూడా చెబుతాను. డాబా మీద నిలబడి వీధి చివర కరెంటు స్తంభం మొదలును చూడు. అది దగ్గరగా ఉంటే బాగా కిందికి చూడాలి, దూరంగా ఉంటే కొంచెమే కిందికి చూడాలి. నిమ్నకోణం 45 నుంచి 30కి తగ్గిందంటే టవరు దూరం జరిగిందన్నమాట. దూరం జరిగి కూడా శిఖరం అదే 60° లో కనిపిస్తోందంటే అది ఇంకా ఎత్తుగా ఉండాలి. ముందు 19 మీటర్లు ఉన్నది ఇప్పుడు 14 ఎలా అవుతుంది?

పాత పేపరుతో చేయాల్సిన పనుల్లో ఎవరూ చేయనిది ఇదే. సరిగ్గా వచ్చిన జవాబులను మనం మళ్ళీ చూడం. నువ్వు చూడు. నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో సరిగ్గా చేసినవి మూడో నాలుగో తీసుకుని ఒక్కొక్క అంకె మార్చి మళ్ళీ చెయ్యి. 45° ను 30° చెయ్యి. వర్గ సమీకరణంలో స్థిరపదం గుర్తు మార్చు. అంకశ్రేఢిలో 20 పదాల మొత్తం అడిగితే, నువ్వు మొత్తం ఇచ్చి పదాల సంఖ్య అడుగు. వర్గ సమీకరణం వస్తుంది, రెండు విలువలు వస్తాయి, పదాల సంఖ్య రుణాత్మకమో భిన్నమో కాకూడదు కాబట్టి అలాంటిది వస్తే వదిలేయాలి. పబ్లిక్ పరీక్షలో పాత ప్రశ్న అచ్చంగా వస్తుందని ఎదురుచూసే వాళ్ళు, ఒక్క అంకె మారగానే "సిలబస్‌లో లేనిది ఇచ్చారు" అంటూ బయటికి వస్తారు.

గైడుల విషయంలో ఒక జాగ్రత్త. నీ జవాబూ గైడు జవాబూ కలవకపోతే వెంటనే నీది కొట్టేయకు. నీ జవాబును ప్రశ్నలో తిరిగి ప్రతిక్షేపించి చూడు. అచ్చుతప్పులు నేను చాలా చూశాను, ఒకసారి గైడులో తప్పు జవాబు రాబట్టడానికి ఒక సాయంత్రం మొత్తం కూర్చున్నాను. రెండుసార్లు చేసినా కలవకపోతే కాగితం మీద రాసిపెట్టుకుని బడిలో మాస్టారిని అడుగు.

ఇక రాబోయే ఏడెనిమిది వారాలకు నా ప్రణాళిక చెబుతాను. ఇప్పటినుంచి జనవరి చివరిదాకా కత్తిరించిన కవర్లు. నీకు తెలియక పోయిన ఆ పది మార్కులు వృత్తాలలోవి, అనువర్తనాలలోవి కాబట్టి ఆ రెండు కవర్లు ముందు. సెలవుల పేపరులో నువ్వు తప్పిన ప్రశ్నలను మాత్రమే ఒక కాగితం మీద ఎత్తి రాసుకో, జవాబులు రాయకు. పది రోజులు ఆగి వాటిని చెయ్యి. మర్నాడే చేస్తే నా చేతిరాత గుర్తుకొచ్చి చేసేస్తావు. పది రోజుల తరువాత కూడా వచ్చిందంటే ఆ ప్రశ్న కాగితం మీద కొట్టెయ్యి. రాకపోతే ఉంచు, మళ్ళీ పది రోజులు.

ఫిబ్రవరి మొదటి ఆదివారం అమ్మ దగ్గర కవరు తీసుకుని 2025 మార్చి పేపరు రాయి. రాశాక మార్కుల కంటే ముందు నాకు నాలుగు అంకెలు పంపు: సమయం లేక ఎన్ని, తెలియక ఎన్ని, పొరపాటుగా ఎన్ని, దారి రాయక ఎన్ని. 61 నుంచి 70కి వచ్చినా, సమయం లేక పోయేవి ఇంకా 13 దగ్గరే ఉంటే నేను సంతోషించను. 64కే వచ్చి ఆ 13 కాస్తా 3 అయితే సంతోషిస్తాను. ఈ మధ్యలో బడిలో ప్రీఫైనల్ పెడతారు. దాన్నీ ఇలాగే వాడుకో, పేపరు చేతికి రాగానే పారేయకు.

2025 మే సప్లిమెంటరీ పేపరును ఫిబ్రవరి చివరకు ఉంచు. సప్లిమెంటరీ అంటే తేలిక పేపరని తీసిపారేయకు. నిర్మాణం అదే, పుస్తకం అదే, నువ్వు చూడని ప్రశ్నలు. నీకు కావలసింది అదే కదా. ఆ తరువాత కొత్త పూర్తి పేపరు ఏదీ పట్టుకోకు. స్నేహితులు "పక్కాగా వచ్చే పేపరు" అని ఫోనుకు పంపుతారు, తెరవకు. పరీక్షకు ముందు రెండు రోజులూ నీ చేతిలో ఉండాల్సింది కొట్టివేయకుండా మిగిలిన ప్రశ్నల కాగితం ఒక్కటే. అప్పటికి అందులో ఏడెనిమిది ప్రశ్నలు మిగిలి ఉంటాయని నా అంచనా.

సాంఘికశాస్త్రానికీ ఇలాగే చేయాలా అని అడుగుతావు. చేయకు. అక్కడ అంకె మార్చి చూసే పని ఉండదు, పటం గుర్తించడం, జవాబు నిడివి, ఇవి వేరే సంగతులు. దానికి మరో ఉత్తరం రాస్తాను.

నాన్న శనివారం భీమవరం వెళ్తున్నారట. గ్రాఫ్ కాగితాలు ఇరవై, రెండు మంచి హెచ్‌బీ పెన్సిళ్ళు తెమ్మన్నాను. ఆ 30° టవరు పటం సరిగ్గా గీసి, కోణం క్షితిజ రేఖ దగ్గర గుర్తించి, ఈ రాత్రికే ఫొటో పంపు. గోడ దగ్గర పెట్టావంటే మళ్ళీ ఫోను చేస్తాను.

మీ అక్క